పాత ప్రశ్నపత్రాల్లో అనువాదం, వాక్యదోషాలు: మళ్లీ మళ్లీ వచ్చే సూత్రాలు

(సివిల్స్ మెయిన్స్ తెలుగు పేపర్ రాయబోయే అభ్యర్థుల కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈరోజు యూపీఎస్సీ మెయిన్స్‌లోని పేపర్-ఎ గురించి, అందులోనూ రెండు భాగాల గురించే మాట్లాడతాను. తెలుగు ఎంచుకున్నవాళ్లకు ఇది 300 మార్కుల పేపర్, సమయం మూడు గంటలు. 25 శాతం, అంటే 75 మార్కులు వస్తే చాలు. ఆ మార్కులు ర్యాంకులో కలవవు. కానీ 75 రాకపోతే మిగతా పేపర్లను లెక్కలోకి తీసుకోరు. ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్‌లోనూ తెలుగు ఇలాంటి అర్హత పేపరే కాబట్టి అది రాసేవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

వ్యాసం 100, పఠనావగాహన 60, సంక్షిప్తీకరణ 60. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం 20, తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి 20, వ్యాకరణం, పదప్రయోగం 40. నా విషయం చివరి 80 మార్కులు. మూడు గంటలను 300 మార్కులకు పంచితే ఒక్కో అనువాదానికి 12 నిమిషాలు, వ్యాకరణానికి 24 నిమిషాలు పడతాయి. ఇంటర్ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఏళ్ల తరబడి తెలుగులో ఒక పేజీ కూడా రాయనివాళ్లకు ఆ 12 నిమిషాలు చాలవు. భాష రాకపోవడం కన్నా చేయి తిరగకపోవడమే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది.

పాత పేపర్లను వరసగా ముందు పెట్టుకుని చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అనువాదంలో మార్కులు ఎక్కడ పోతాయో, వాక్యదోషాల ప్రశ్న కూడా అక్కడే పుడుతుంది. ఇంగ్లిష్ వాక్యం, తెలుగు వాక్యం ఎక్కడెక్కడ విడిపోతాయో ఆ చోట్లు పెద్దగా లేవు. అందుకే ఈ రెండూ విడివిడిగా చదవొద్దంటాను.

ముందు అనువాదం చూద్దాం. పేపర్లో వచ్చే ధోరణిలో మూడు వాక్యాలు రాసుకొచ్చాను. మొదటిది వినండి. "ద విలేజర్స్ హూ లాస్ట్ దెయిర్ ల్యాండ్స్ ఇన్ ద ఫ్లడ్ వర్ గివెన్ షెల్టర్ ఇన్ ద స్కూల్." జవాబుపత్రాల్లో దీనికి తరచుగా కనిపించే తెలుగు ఇలా ఉంటుంది: "ఎవరైతే వరదలో తమ భూములను కోల్పోయారో ఆ గ్రామస్థులు పాఠశాలలో ఆశ్రయం ఇవ్వబడ్డారు." ప్రతి మాటకూ మాట ఉంది, ఏదీ వదల్లేదు. కానీ ఏ ఊళ్లోనూ ఎవరూ ఇలా మాట్లాడరు. తెలుగులో ఇది "వరదలో భూములు పోగొట్టుకున్న గ్రామస్థులకు పాఠశాలలో ఆశ్రయం కల్పించారు" అవుతుంది.

మారినవి మూడు. 'హూ' ఉన్న ఉపవాక్యం 'పోగొట్టుకున్న' అనే ధాతుజ విశేషణంగా మారి నామవాచకం ముందుకు వచ్చింది. 'ఇవ్వబడ్డారు' పోయి 'కల్పించారు' వచ్చింది. ఎవరు కల్పించారో చెప్పాల్సిన పనిలేనప్పుడు కర్తను వదిలేసి క్రియను 'చేశారు, ఇచ్చారు' అని బహువచనంలో పెట్టడమే తెలుగు పద్ధతి. మూడోది, ఇంగ్లిష్‌లో కర్త స్థానంలో కూర్చున్న గ్రామస్థులు తెలుగులో 'కు' తీసుకున్నారు. ఇవ్వడం అనే పనిలో పుచ్చుకునేవాళ్లకు 'కు' ఉండాలి. ఈ మూడోదాన్ని మరిచిపోయి 'గ్రామస్థులు ఆశ్రయం కల్పించారు' అని రాస్తే అర్థమే తలకిందులవుతుంది. ఆశ్రయం పొందినవాళ్లు ఇచ్చినవాళ్లయిపోతారు.

ఇక్కడో హెచ్చరిక. ధాతుజ విశేషణం ఎవరు చేశారో, ఎవరికి జరిగిందో తేల్చి చెప్పదు. 'చంపిన పులి' అంటే ఎవరినో చంపిన పులీ కావచ్చు, ఎవరో చంపిన పులీ కావచ్చు. మూలంలో తేడా ముఖ్యమైతే 'మనిషిని చంపిన పులి', 'వేటగాడు చంపిన పులి' అని కర్తనో కర్మనో పక్కన పెట్టాలి. ఉపవాక్యం మరీ పొడుగైతే దాన్ని విశేషణంగా కుదించే ప్రయత్నం మానేసి రెండు వాక్యాలు చేయండి. వాక్యాల సంఖ్య మూలంతో సరిపోవాలన్న నియమం లేదు.

రెండో వాక్యం. "ద హెడ్‌మాస్టర్ సెడ్ దట్ హి వుడ్ నాట్ క్లోజ్ ద స్కూల్ అంటిల్ ద లాస్ట్ ఫ్యామిలీ లెఫ్ట్." ఇందులో రెండు గుంటలున్నాయి. 'అతను పాఠశాలను మూయడని ప్రధానోపాధ్యాయుడు చెప్పాడు' అని రాశారనుకోండి. తెలుగు చదివేవాడికి ఆ 'అతను' వేరే ఎవరో. చెప్పినవాడే చేసేవాడైతే 'అని'కి ముందున్న క్రియ ఉత్తమ పురుషలో ఉంటుంది, 'మూయనని'. కర్తను నొక్కి చెప్పాలంటే 'తాను మూయనని' అనండి. 'వస్తానన్నాడు' అంటే తనే వస్తాడు, 'వస్తాడన్నాడు' అంటే ఇంకొకరు వస్తారు. తెలుగులో ఇంత తేడాను ఒక్క అక్షరం మోస్తోంది. రోజూ మాట్లాడేటప్పుడు ఎవరూ తడబడరు, ఇంగ్లిష్ వాక్యం కళ్లముందు ఉన్నప్పుడే తడబడతారు.

రెండో గుంట 'అంటిల్'. 'చివరి కుటుంబం వెళ్లనంతవరకు మూయను' అని కొందరు, 'వెళ్లేదాకా మూయను' అని కొందరు రాస్తారు. వ్యతిరేకార్థం ప్రధాన క్రియలో ఒక్కచోట ఉంటే చాలు, కాబట్టి రెండోదే తేటగా ఉంటుంది. మొత్తం కలిపితే "చివరి కుటుంబం వెళ్లేదాకా పాఠశాలను మూయనని ప్రధానోపాధ్యాయుడు చెప్పాడు." గౌరవంగా 'చెప్పారు' అనాలనుకుంటే 'ప్రధానోపాధ్యాయులు చెప్పారు' అనండి, ఆ గౌరవాన్ని పేరా చివరిదాకా నిలబెట్టండి. 'ప్రధానోపాధ్యాయుడు చెప్పారు' పత్రికల్లో కనిపిస్తుంది గానీ పరీక్షలో దానికి దూరంగా ఉండటమే మంచిది. 'వుడ్'కి తెలుగులో వేరే రూపం వెతక్కండి. మనకు పరోక్ష కథనంలో కాలం వెనక్కి జరగదు.

మూడోది చిన్నదే. "ఇట్ ఈజ్ నాట్ పావర్టీ బట్ నెగ్లెక్ట్ దట్ కిల్స్ ఎ విలేజ్." 'అది పేదరికం కాదు కానీ నిర్లక్ష్యం గ్రామాన్ని చంపుతుంది' అని రాస్తే ఆ 'అది' దేన్ని సూచిస్తుందో ఎవరికీ తెలియదు. ఇలాంటి 'ఇట్'కు తెలుగులో సమానమైన మాట లేదు, అవసరమూ లేదు. 'గ్రామాన్ని చంపేది పేదరికం కాదు, నిర్లక్ష్యం.' క్రియను 'చంపేది' అని నామవాచకం చేసి ముందు పెట్టి, బలంగా చెప్పాల్సిన మాటను చివరికి నెట్టాం. ఈ వాక్యపు కట్టు అలవాటు చేసుకోండి. నొక్కి చెప్పే వాక్యం వచ్చిన ప్రతిసారీ ఆదుకుంటుంది.

ఇప్పుడు తెలుగు నుంచి ఇంగ్లిష్. "ఊరి చెరువు ఎండిపోతే ముందు నష్టపోయేది రైతు కాదు, రైతు కూలీ. పని దొరక్క పట్నం వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేసరికి చెరువు కట్ట మీద ఇళ్లు లేచాయి." మొదటి వాక్యం మనం ఇందాక చూసిన కట్టే, తిరగేసి వచ్చింది. 'ఎండిపోతే' అన్నదాన్ని 'ఇఫ్' అనాలా, 'వెన్' అనాలా అన్నది సందర్భం చెబుతుంది. ఎప్పుడూ జరిగే సంగతి కాబట్టి ఇక్కడ 'వెన్' నప్పుతుంది. మన చెరువుకు ఇంగ్లిష్‌లో స్థిరపడిన మాట 'ట్యాంక్'. 'లేక్' అంటే సరస్సు అనిపిస్తుంది, 'పాండ్' అంటే మరీ కుంటయిపోతుంది. రెండో వాక్యంలో 'వచ్చేసరికి' అంటే ఆ లోపే అయిపోయిందని. కాబట్టి 'బై ద టైమ్' పెట్టి, ఇళ్లు లేవడాన్ని 'హ్యాడ్ కమ్ అప్' అనాలి. 'లేచాయి' భూతకాలం కదా అని 'కేమ్ అప్' అంటే ఆ లోపే అయిపోయిందన్న సంగతి తేలదు. తెలుగు భూతకాలం ఒక్కటే ఇంగ్లిష్‌లో మూడు నాలుగు రూపాలు తీసుకోగలదు, ఏది కావాలో 'సరికి', 'లోపు', 'అప్పటికే' లాంటి మాటలు చెబుతాయి. వాటి కింద ముందే గీత గీసుకోండి. 'ఎ', 'ది' గురించి ఎక్కువ చెప్పను. రాయడం అయ్యాక ప్రతి ఏకవచన నామవాచకం ముందు ఆగి, ఏదైనా ఉందా లేదా అని ఒకసారి చూస్తే సగం తప్పులు దొరుకుతాయి.

ఇక వాక్యదోషాలు. ఇక్కడ ఒక అలవాటు చేసుకోమంటాను. తప్పున్న వాక్యాన్ని చివరినుంచి చూడండి. తెలుగులో క్రియ చివర ఉంటుంది, ఎక్కువ దోషాలు క్రియకూ దాని కర్తకూ మధ్యే ఉంటాయి. ముందు క్రియ, తర్వాత దాని కర్త, ఆ తర్వాత సంఖ్యావాచకం, విభక్తులు, అప్పటికీ దొరక్కపోతే అక్షరాలు. మొదటినుంచి చదివితే చెవికి అలవాటైన వాక్యం కాబట్టి తప్పును మీరే మనసులో దిద్దేసుకుని ముందుకెళ్లిపోతారు.

ఇప్పుడు రాసుకోండి. ఏటేటా తిరిగి వచ్చే సూత్రాలు చెబుతున్నాను, అన్నిటికీ సమానంగా సమయం ఇవ్వను.

కర్త, క్రియ పొందిక. 'మంత్రివర్గం నిర్ణయించారు' తప్పు, 'నిర్ణయించింది'. సమితి, బృందం, ప్రభుత్వం, సంఘం, ఇవన్నీ అంతే. 'జనం వచ్చారు' మాత్రం వాడుకలో స్థిరపడింది, దాన్ని దిద్దకండి. 'నేనూ అతనూ వెళ్లాడు' అని ఉంటే 'వెళ్లాం'. కర్తల్లో 'నేను' ఉంటే క్రియ ఉత్తమ పురుష బహువచనంలోనే ఉంటుంది. 'రైతూ ఎద్దులూ పొలానికి వెళ్లారు' లాంటిది వస్తే క్రియను మార్చి లాభం లేదు, మనుషులకూ పశువులకూ వేర్వేరు క్రియారూపాలు కావాలి. 'రైతు ఎద్దులతో పొలానికి వెళ్లాడు' అని కట్టు మార్చాలి.

సంఖ్య. మనుషులకు ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు. మిగతావాటికి రెండు, మూడు, ఐదు. ఎనిమిది దగ్గర్నుంచి 'మంది' చేర్చడం ఇప్పటి వాడుక. 'ఐదు విద్యార్థులు', 'ముగ్గురు ఆవులు' లాంటివి వెంటనే దొరుకుతాయి. 'పిల్లి ఐదుగురు పిల్లలను పెట్టింది' దగ్గర చాలామంది పడిపోతారు. మనిషి పిల్లలైతే ఐదుగురు, పిల్లి పిల్లలైతే ఐదు. 'ప్రతి' తర్వాత ఏకవచనమే వస్తుంది, 'ప్రతి విద్యార్థీ'. దానికి తగ్గట్టు 'తమ' కూడా 'తన' కావాలి. అక్కడ ఆ రెండో సవరణ మరిచిపోతారు.

విభక్తి ముందు మారే మాటలు. ఇల్లు ఇంటి, నోరు నోటి, కన్ను కంటి, పన్ను పంటి, చెయ్యి చేతి, ఊరు ఊరి. కాబట్టి 'ఇల్లులో' కాదు ఇంట్లో, 'పన్ను నొప్పి' కాదు పంటి నొప్పి, 'చెయ్యితో' కాదు చేతితో. వీటినే ఔపవిభక్తికాలు అంటారు. పేరు గుర్తులేకపోయినా ఫరవాలేదు, పదాలు గుర్తుండాలి. ప్రాణమున్న కర్మకు 'ను, ని' తప్పదు. 'పుస్తకం చదివాడు' సరే, 'కుక్క కొట్టాడు' సరికాదు.

'కు' కోరే క్రియలు. తెలుసు, వచ్చు, నచ్చు, ఆకలి వేయు, కోపం వచ్చు. 'నేను ఈత వచ్చు' అని ఎవరూ రాయరు గానీ పొడుగు వాక్యాల్లో 'అతను తెలుసు కాబట్టి చెప్పాడు' వంటివి దూరిపోతాయి. 'అతనికి తెలుసు కాబట్టి' కావాలి.

వ్యతిరేకం. 'ఎవరూ రాలేదు' సరి. 'ఎవరు రాలేదు' అంటే అది ప్రశ్న. దీర్ఘం లేకపోవడమే దోషం కావచ్చు, కాబట్టి అక్షరాలు నెమ్మదిగా చూడండి. 'ఎవరూ వచ్చారు' తప్పని చెప్పనక్కర్లేదు. 'అతను వైద్యుడు లేడు' అంటే వైద్యుడు అక్కడ లేడన్నట్టు ఉంటుంది, 'వైద్యుడు కాడు' అనాలి. ఉనికి లేకపోతే 'లేదు', గుర్తింపు తప్పయితే 'కాదు'.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కైనది, 'చేసి, వెళ్లి, వచ్చి' రూపాలు, అంటే క్త్వార్థకాలు. వీటి కర్త, ప్రధాన క్రియ కర్త ఒకరే కావాలి. 'గంట కొట్టి పిల్లలు బయటకు పరుగెత్తారు' అన్న వాక్యంలో ఏ మాటా తప్పు కాదు. కానీ దాని అర్థం గంట కొట్టింది కూడా పిల్లలేనని. బంట్రోతు కొట్టాడని చెప్పదలచుకుంటే 'గంట కొట్టగానే' అనాలి. 'నేను బస్సు దిగి వాన మొదలైంది' అంటే 'దిగేసరికి' కావాలి. అలాగని 'వానలు కురిసి చెరువులు నిండాయి' అన్నదాన్ని దిద్దకండి. రెండు కర్తలూ ప్రాణం లేనివై, ఒకదానివల్ల ఒకటి జరిగినప్పుడు తెలుగు ఈ సడలింపు ఇస్తుంది. సూత్రం గట్టిగా నేర్చుకున్నవాళ్లే ఇలాంటి మంచి వాక్యాన్ని దిద్ది మార్కులు పోగొట్టుకుంటారు.

ఒకే మాటను రెండుసార్లు చెప్పడం. 'కేవలం ఇద్దరు మాత్రమే', 'సుమారు వందమంది దాకా', 'ఉభయులిద్దరూ'. రెండింట్లో ఒకటి కొట్టేయాలి. పునఃరుద్ధరణ కాదు, పునరుద్ధరణ. పుష్పతోట కాదు, పూలతోట లేదా పుష్పవనం. గ్రాంథికం, వాడుక రెండూ అంగీకారమే, ఒకే వాక్యంలో 'వచ్చెను', 'వెళ్లాడు' కలిస్తే మాత్రం దోషం. 'మరియు' తప్పని కొందరు అంటారు. నేను తప్పనను గానీ 'రాముడూ సీతా' అంటే సరిపోయే చోట అది బరువే.

అక్షరదోషాల్లో ఒత్తులదే రాజ్యం. విద్యార్థి, బాధ, నిర్దోషి, వ్యవసాయదారుడు, మనస్తత్వం. ఈ ఐదింటినీ తప్పుగా రాసేవాళ్లు ఒత్తును పక్క అక్షరానికి జరుపుతారు, లేదా లేనిచోట పెడతారు. అర్థం వేరు, అర్ధం వేరు. మొదటిది భావం, రెండోది సగం. ప్రదానం ఇవ్వడం, ప్రధానం ముఖ్యం.

ఇప్పుడొక వాక్యం తీసుకుని చివరినుంచి మొదటికి దిద్దుదాం. "ప్రతి విద్యార్థులు తమ పుస్తకాలను ఇల్లులో మరిచిపోయి ఉపాధ్యాయుడు కోప్పడ్డాడు." చివర 'కోప్పడ్డాడు', కర్త ఉపాధ్యాయుడు, పొందిక బాగుంది. దానికి ముందు 'మరిచిపోయి', ఇదెవరి పని? విద్యార్థులది. కర్తలు వేరు, పైగా ఇద్దరూ మనుషులు, కాబట్టి 'మరిచిపోవడంతో' అనాలి. తర్వాత 'ఇల్లులో', ఇంట్లో. 'ప్రతి విద్యార్థులు', ప్రతి విద్యార్థీ. ఏకవచనం వచ్చింది కాబట్టి 'తమ' కాస్తా 'తన'. ఫలితం: "ప్రతి విద్యార్థీ తన పుస్తకాలను ఇంట్లో మరిచిపోవడంతో ఉపాధ్యాయుడు కోప్పడ్డాడు." పరీక్షలో ఒకే వాక్యంలో ఇన్ని దోషాలు అరుదు. సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి. దోషం ఉన్నచోట మాత్రమే దిద్దండి, వాక్యాన్ని అందంగా తిరగరాయకండి. మీ కొత్త వాక్యం బాగున్నా, అసలు దోషాన్ని మీరు గుర్తించారో లేదో దిద్దేవారికి తెలియదు.

పాత పేపర్లతో చేయాల్సింది ఇదే. ఒక పుస్తకంలో ఎడమవైపు దోషవాక్యం, కుడివైపు సవరణ, దాని పక్కన ఇప్పుడు చెప్పిన వాటిలో ఏ సూత్రమో ఒక్క మాటలో రాయండి. 'సంఖ్య', 'కు', 'అని', 'ఒత్తు', అంతే. కొన్ని పేపర్లయ్యాక ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో కనిపిస్తుంది. మీరు సరిగ్గా దిద్దినవాటిని కొట్టేసి, దొరకని వాటిని మాత్రమే మళ్లీ చూడండి. అనువాదాలకు కూడా అదే పుస్తకం వాడండి. ముందు మీ తెలుగు అనువాదాన్ని మూలం చూడకుండా పైకి చదవండి, నాలుక ఎక్కడ ఆగితే అక్కడ గీత పెట్టండి. ఆ తర్వాతే మూలం తెరిచి, ఏదైనా వదిలేశారేమో సరిచూడండి. రెండు పనులూ ఒకేసారి చేస్తే ఇంగ్లిష్ వాక్యం మళ్లీ మిమ్మల్ని లాక్కుపోతుంది.

ఒకరు చీటీ పంపారు. 'ఇంగ్లిష్ మాటకు తెలుగు తెలియకపోతే అలాగే రాసేయవచ్చా' అని అడిగారు. బస్సు, రైలు, బ్యాంకు లాంటి మాటలకు ఇబ్బంది లేదు, అవి మన మాటలే. 'రెసిలియెన్స్' లాంటిది వస్తే తెలుగు లిపిలో ఆ మాటే దించేయవద్దు, ఖాళీ వదలొద్దు, నిఘంటువులో ఎప్పుడో చూసిన సంస్కృత సమాసం కోసం రెండు నిమిషాలు కూర్చోవద్దు. దాని అర్థాన్ని మాటల్లో పెట్టండి, 'దెబ్బ తిన్నా మళ్లీ నిలదొక్కుకునే శక్తి' అని. నాలుగైదు మాటలు ఎక్కువైనా అది తెలుగు. ఆ మాట పేరాలో మళ్లీ వస్తే రెండోసారి 'ఆ శక్తి' అంటే సరిపోతుంది.